స్థిరాస్తుల రిజిస్టరు, 2024-25: బాయిల్డ్ రైస్ మిల్లు (ప్రైవేట్ లిమిటెడ్), మండపేట

లెక్కల కాలం: 01-04-2024 నుంచి 31-03-2025 వరకు. మొత్తాలన్నీ రూపాయల్లో, పైసలు సర్దుబాటు చేసి.

పద్ధతి, రేట్లు

భవనాలు, కంప్యూటర్లు, ఫర్నిచర్ స్థిర వాయిదాల పద్ధతిలో ఉన్నాయి. యంత్రాలు, లారీ తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఉన్నాయి. షెడ్డు పదో ఏడు ఇచ్చే నీడా మొదటి ఏడు ఇచ్చిందీ ఒకటే. యంత్రం అలా కాదు. కొత్తలో ఎక్కువ పని చేస్తుంది, తర్వాత మరమ్మతు ఖర్చు పెరుగుతుంది. అందుకే మొదటి ఏళ్లలో ఎక్కువ తరుగుదల వేయడం న్యాయం.

ఆయుష్షు కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం: షెడ్డు 30 ఏళ్లు, కాంక్రీటు కళ్లం 10, యంత్రాలు 15, లారీ 8, కంప్యూటర్లు 3, ఫర్నిచర్ 10. అవశేష విలువ ఖరీదులో 5 శాతం. తగ్గుతున్న నిల్వల రేటు ఈ సూత్రంతో వస్తుంది:

```
=1-0.05^(1/15)    18.10%
=1-0.05^(1/8)     31.23%
```

స్థిర వాయిదాల్లో రేటు అసలు ఖరీదు మీద, తగ్గుతున్న నిల్వల్లో సంవత్సరారంభ పుస్తక విలువ మీద. ఈ రెండూ తారుమారైతే అయిదారేళ్లలోనే యంత్రం విలువ సున్నా దాటి కిందికి పోతుంది. సార్వాకీ దాళ్వాకీ మధ్య మిల్లు ఆగినా తరుగుదల ఆగదు. ఈ ఏడు డబుల్ షిఫ్టు నడవలేదు. నడిచి ఉంటే ఆ కాలానికి యంత్రాల తరుగుదల 50 శాతం పెరిగేది.

ఆస్తుల వివరం

| నంబరు | ఆస్తి | వాడకం మొదలు | ఖరీదు | 01-04-24 పుస్తక విలువ | ఈ ఏటి తరుగుదల | 31-03-25 పుస్తక విలువ |
|---|---|---|---|---|---|---|
| భూ-01 | మిల్లు స్థలం, 3 ఎకరాలు | 2014 | 75,00,000 | 75,00,000 | లేదు | 75,00,000 |
| భ-01 | మిల్లు షెడ్డు, గోడౌను | 01-04-15 | 48,00,000 | 34,32,000 | 1,52,000 | 32,80,000 |
| భ-02 | ధాన్యం ఆరబోసే కళ్లం | 01-04-19 | 12,00,000 | 6,30,000 | 1,14,000 | 5,16,000 |
| యం-01 | ఊక బాయిలరు | 01-04-21 | 20,00,000 | 10,98,707 | 1,98,866 | 8,99,841 |
| యం-02 | రబ్బరు రోల్ షెల్లరు | 01-04-20 | 6,00,000 | 2,69,952 | 24,498 | అమ్మాం |
| యం-03 | కలర్ సార్టర్ | 15-10-24 | 27,00,000 | కొత్తది | 2,24,936 | 24,75,064 |
| వా-01 | సొంత లారీ | 01-04-22 | 14,00,000 | 6,62,104 | 2,06,775 | 4,55,329 |
| కం-01 | కాటా, ఆఫీసు కంప్యూటర్లు | 01-04-22 | 90,000 | 33,000 | 28,500 | 4,500 |
| కం-02 | ప్రింటరు, ఇన్వర్టరు | 01-04-22 | 30,000 | 11,000 | 3,175 | తీసేశాం |
| ఫ-01 | ఆఫీసు ఫర్నిచర్ | 01-04-18 | 1,20,000 | 51,600 | 11,400 | 40,200 |

షెల్లరుకు మార్చే రబ్బరు రోల్స్, జల్లెళ్లు, బెల్టులు ఈ రిజిస్టరులోకి రావు. అవి నెలల్లో అరిగిపోతాయి, స్టోర్సు ఖర్చుకే పోతాయి.

యం-03 కొనుగోలు

మిల్లులో అందరూ సార్టెక్స్ అనే పిలిచే ఈ యంత్రం ఇన్వాయిస్ ధర 22,00,000. జీఎస్టీ 18 శాతం, 3,96,000. ఈ యంత్రాన్ని పన్ను లేని బియ్యానికే వాడుతున్నాం, అందుకే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేదు, పన్నును ఖరీదులో కలిపాం. క్రెడిట్ తీసుకుని అదే పన్ను మీద తరుగుదల కూడా వేయడం చట్టం ఒప్పుకోదు. రవాణా 40,000, పునాది, ఎలక్ట్రికల్ పని 64,000. మొత్తం 27,00,000. ఆపరేటరు శిక్షణకు ఇచ్చిన 15,000 ఖరీదులో కలపలేదు, ఈ ఏటి ఖర్చులో రాశాం.

ఇన్వాయిస్ తేదీ 28-09-2024. యంత్రం మిల్లుకు 3 అక్టోబరున చేరింది. ట్రయల్ పూర్తయి బియ్యం పోసింది 15 అక్టోబరున. ఈ 15 అక్టోబరు తేదీయే లెక్కకు వస్తుంది. 31 మార్చి వరకు 168 రోజులు:

```
=ROUND(2700000*0.181*168/365,0)    224936
```

ఇన్వాయిస్ తేదీ రాసి ఉంటే 185 రోజులయ్యేవి. పుస్తకాల్లో తేడా చిన్నదే, ఆదాయపు పన్నులో మాత్రం కాదు. వాడకం 180 రోజుల కంటే తక్కువైతే అక్కడ సగం రేటే చెల్లుతుంది. 185 రోజులని పూర్తి 15 శాతం వేసుకుంటే 2,02,500 తరుగుదల ఎక్కువగా కోరినట్టవుతుంది. ట్రయల్ రిపోర్టు మీద ఫోర్‌మన్ సంతకం, ఆ రోజు కరెంటు మీటరు రీడింగు వోచరుకు జత చేశాం.

తీసివేతలు

యం-02ను 30-09-2024న 2,10,000కు అమ్మాం. ఏప్రిల్ 1 నుంచి 183 రోజుల తరుగుదల 24,498 ముందుగా వేసి, ఆ తర్వాతే నష్టం లెక్కించాం. అది వేయకుండా అమ్మకం రాస్తే అమ్మకం నష్టం 59,952గా కనిపిస్తుంది. అందులో 24,498 నిజానికి వాడకపు అరుగుదల.

| వివరం | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| యం-02 పోగైన తరుగుదల | 3,54,546 | |
| బ్యాంకు | 2,10,000 | |
| ఆస్తి అమ్మకం నష్టం | 35,454 | |
| యంత్రాల ఖాతా | | 6,00,000 |

కం-02 వర్షపు నీళ్లు ఆఫీసులోకి రావడంతో పాడైంది. 31-07-2024 వరకు 122 రోజుల తరుగుదల 3,175 పోగా పుస్తక విలువ 7,825. తుక్కు 600కు పోయింది, నష్టం 7,225. రెండూ కలిపి లాభనష్టాల ఖాతాకు 42,679.

తరగతుల వారీ షెడ్యూలు: ఖరీదు

| తరగతి | ప్రారంభం | చేర్పు | తీసివేత | ముగింపు |
|---|---|---|---|---|
| భూమి | 75,00,000 | 0 | 0 | 75,00,000 |
| భవనాలు | 60,00,000 | 0 | 0 | 60,00,000 |
| యంత్రాలు | 26,00,000 | 27,00,000 | 6,00,000 | 47,00,000 |
| వాహనాలు | 14,00,000 | 0 | 0 | 14,00,000 |
| కంప్యూటర్లు | 1,20,000 | 0 | 30,000 | 90,000 |
| ఫర్నిచర్ | 1,20,000 | 0 | 0 | 1,20,000 |
| మొత్తం | 1,77,40,000 | 27,00,000 | 6,30,000 | 1,98,10,000 |

తరగతుల వారీ షెడ్యూలు: తరుగుదల, నికర విలువ

| తరగతి | ప్రారంభం | ఈ ఏడు | తీసివేత | ముగింపు | నికరం 31-03-25 |
|---|---|---|---|---|---|
| భూమి | 0 | 0 | 0 | 0 | 75,00,000 |
| భవనాలు | 19,38,000 | 2,66,000 | 0 | 22,04,000 | 37,96,000 |
| యంత్రాలు | 12,31,341 | 4,48,300 | 3,54,546 | 13,25,095 | 33,74,905 |
| వాహనాలు | 7,37,896 | 2,06,775 | 0 | 9,44,671 | 4,55,329 |
| కంప్యూటర్లు | 76,000 | 31,675 | 22,175 | 85,500 | 4,500 |
| ఫర్నిచర్ | 68,400 | 11,400 | 0 | 79,800 | 40,200 |
| మొత్తం | 40,51,637 | 9,64,150 | 3,76,721 | 46,39,066 | 1,51,70,934 |

సరిచూపు: తీసివేసిన ఖరీదు 6,30,000లోంచి 3,76,721 పోతే 2,53,279. అందులో వచ్చిన సొమ్ము 2,10,600 తీస్తే 42,679, నష్టానికి సరిపోయింది.

ఆదాయపు పన్ను బ్లాకు, యంత్రాలూ లారీ, 15 శాతం

ఇక్కడ ఆస్తి విడిగా ఉండదు, బ్లాకులో కలిసిపోతుంది. యం-02 నష్టం ఇక్కడ రాదు. అమ్మిన సొమ్ము బ్లాకులోంచి తగ్గుతుంది, అంతే. లారీ అద్దెకు తిప్పం కాబట్టి దానికీ ఇదే రేటు.

| వివరం | మొత్తం |
|---|---|
| ప్రారంభ విలువ | 25,52,954 |
| యం-03 చేర్పు (180 రోజుల లోపు) | 27,00,000 |
| యం-02 అమ్మకం సొమ్ము | (2,10,000) |
| 23,42,954 మీద 15 శాతం | (3,51,443) |
| 27,00,000 మీద 7.5 శాతం | (2,02,500) |
| ముగింపు విలువ | 44,89,011 |

తక్కువ పన్ను రేటు ఇచ్చే సెక్షన్ 115బీఏఏ ఎంచుకున్నందున అదనపు తరుగుదల కోరలేదు.

భౌతిక తనిఖీ, 29-03-2025

అన్ని ఆస్తులూ ఉన్నాయి. బాయిలరు నంబరు స్టిక్కరు ఆవిరికి ఊడిపోయింది. దాని బదులు అంకెలు గుద్దిన ఇత్తడి ప్లేటు రివెట్లతో బిగించాం. యం-03 ఎలివేటరు మోటారు సీరియల్ నంబరు రిజిస్టరుతో కలవలేదు. గ్యారంటీలో మోటారు మార్చినప్పుడు చలానా స్టోర్సులోనే ఆగిపోయింది. చలానా తెచ్చి కొత్త నంబరు ఎర్ర సిరాతో రాశాం, ఖరీదులో మార్పు లేదు. భ-02 ఉత్తరం అంచున రెండు పలకలు పగిలాయి. అతుకు వేస్తే అది మరమ్మతు ఖర్చు, పలకలు కొత్తగా పోస్తే పాత పలకల విలువ తీసేసి కొత్తది చేర్చాలి.

కం-01 అవశేష విలువ 4,500 దగ్గర నిలిచింది. 2025-26లో దాని వరుసలో తరుగుదల సున్నా. వాడుకలో ఉన్నన్నాళ్లు వరుస కొట్టేయకూడదు.