శ్రావణి జవాబు, తిరగరాసిన రూపంలో: మైనర్ రాసిన ప్రామిసరీ నోటు

శ్రావణికి,

కాంట్రాక్ట్ చట్టం మూడో ప్రశ్నకు నీ జవాబు చూశాను. 15కి 6 వేశాను. చదవకపోవడం వల్ల పోయిన మార్కులు కావివి. కావలసిన సెక్షన్లు దాదాపు అన్నీ రాశావు, కానీ వాటిలో ఒక్కటీ కిరణ్ దగ్గరికి వెళ్లలేదు. ముందు ప్రశ్న, తర్వాత నువ్వు రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నాను. పక్కపక్కన చదువు.

ప్రశ్న. కిరణ్ 2007 నవంబర్ 2న పుట్టాడు. 2025 మార్చి 10న తెనాలిలో వడ్డీ వ్యాపారి సుబ్బారావు దగ్గర, తనకు 19 ఏళ్లని చెప్పి, ప్రామిసరీ నోటు మీద రూ. 80,000 అప్పు తీసుకున్నాడు. నోటు రాయించే పని చూసింది గుమాస్తా. ఆ సమయంలో కిరణ్ పదో తరగతి మెమో, అందులోని పుట్టిన తేదీ అతను చూశాడు. యజమానికి మాత్రం చెప్పలేదు. కిరణ్ రూ. 50,000 పెట్టి పాత మోటార్ సైకిల్ కొన్నాడు. రూ. 20,000 గోవా విహారానికి ఖర్చు చేశాడు. రూ. 10,000 బ్యాంకులో ఉన్నాయి. అతని కాలేజీ ఇంటికి రెండు వీధుల అవతలే. సుబ్బారావు దావా వేశాడు. ఏమవుతుంది?

నీ జవాబు. "మైనర్‌తో చేసుకున్న కాంట్రాక్ట్ చెల్లదు. మొహరీ బీబీ కేసు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కాబట్టి సుబ్బారావుకు ఏమీ రాదు. సెక్షన్ 11 ప్రకారం మేజర్లే కాంట్రాక్ట్ చేసుకోగలరు. అయితే కిరణ్ అబద్ధం చెప్పాడు కాబట్టి వదిలిపెట్టడం న్యాయం కాదు. సాక్ష్య చట్టం సెక్షన్ 115 ఎస్టాపెల్ గురించి చెబుతుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 33 కూడా ఉంది. అత్యవసరాలకు సెక్షన్ 68 వర్తిస్తుంది. మొత్తం మీద కోర్టు పరిస్థితులను బట్టి నిర్ణయిస్తుంది."

మూడో వాక్యంలో ఏమీ రాదన్నావు, అయిదో వాక్యంలో వదలకూడదన్నావు, చివరికి కోర్టు ఇష్టానికి వదిలేశావు. "సెక్షన్ 33 కూడా ఉంది" అన్నావు. ఉంది సరే, అది ఏం చేస్తుంది? సగం మార్కులు ఆ ఒక్క వాక్యం వెనకే ఉన్నాయి. గుమాస్తా, మెమో, బ్యాంకులో డబ్బు, కాలేజీ దూరం ఏవీ నీ జవాబులో లేవు. ప్రశ్న రాసినవారు వాటిని ఊరికే పెట్టరు.

ఇప్పుడు నీ సామగ్రితోనే, వివాదాంశం, నియమం, అన్వయం, నిర్ణయం అనే వరుసలో:

1. నోటు ఆధారంగా సుబ్బారావు బాకీ వసూలు చేసుకోగలడా?

*నియమం.* భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని సెక్షన్ 11 ప్రకారం మేజర్ కానివారికి కాంట్రాక్ట్ చేసుకునే అర్హత లేదు. మేజారిటీ చట్టం, 1875లోని సెక్షన్ 3 ప్రకారం 18 ఏళ్లు నిండాలి. మొహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్ (1903) కేసులో ప్రివీ కౌన్సిల్ మైనర్ ఒప్పందం మొదటినుంచే శూన్యమని తేల్చింది.

*అన్వయం.* నోటు రాసిన రోజుకు కిరణ్ వయసు 17 ఏళ్ల 4 నెలలు. అర్హత లేదు కాబట్టి నోటుకు ఆధారమైన ఒప్పందమే లేదు. అత్యవసరాల కింద సెక్షన్ 68ను ఆశ్రయించడమూ కుదరదు: కాలేజీకి నడిచి వెళ్లగలిగేవాడికి మోటార్ సైకిల్ అత్యవసరం కాదు, గోవా అసలే కాదు.

*నిర్ణయం.* నోటు మీద దావా నిలవదు.

2. వయసు గురించి అబద్ధం చెప్పిన కిరణ్ ఇప్పుడు మైనర్‌నని వాదించవచ్చా?

*నియమం.* ఒకసారి చెప్పిన మాటకు విరుద్ధంగా తర్వాత వాదించకుండా ఆపేదే ఎస్టాపెల్. అది ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 121లో ఉంది. అవతలివారు ఆ మాట నమ్మి వ్యవహరించి ఉంటేనే అది వర్తిస్తుంది. మొహరీ బీబీ కేసులో రుణదాత తరఫున పని చూసిన అటార్నీకి మైనర్ సంగతి తెలుసు కాబట్టి ఎస్టాపెల్ చెల్లలేదు. పైగా, చట్టం అర్హత లేదన్నవాడికి ఎస్టాపెల్ అర్హత తెచ్చిపెట్టలేదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 229 ప్రకారం, యజమాని పని చేస్తుండగా ఏజెంటుకు తెలిసింది యజమానికి తెలిసినట్టే.

*అన్వయం.* గుమాస్తా మెమో చూసింది నోటు రాయిస్తుండగానే, అంటే సుబ్బారావు పనిలోనే. యజమానికి చెప్పకపోవడం వారిద్దరి మధ్య విషయం. కిరణ్‌కు సంబంధించినంతవరకు సుబ్బారావుకు నిజం తెలిసినట్టే లెక్క.

*నిర్ణయం.* మైనర్‌నన్న వాదన చేయకుండా కిరణ్‌ను ఆపలేం.

3. కిరణ్ పొందిన లాభాన్ని కోర్టు తిరిగి ఇప్పించగలదా?

*నియమం.* చెల్లని ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలనే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 65 ఇక్కడ సాయపడదు. అర్హులైన పక్షాల మధ్య ఒప్పందాలకే అది వర్తిస్తుందని మొహరీ బీబీ కేసులోనే తేలింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని సెక్షన్ 33(2)(బి) వేరు: మైనర్‌నని చెప్పి దావా నుంచి బయటపడిన ప్రతివాది, తనకు గానీ తన ఆస్తికి గానీ ఎంతవరకు లాభం కలిగిందో అంతవరకు తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. ఇది కోర్టు విచక్షణ. 1963కు ముందే, ఖాన్ గుల్ వర్సెస్ లఖా సింగ్ (1928) కేసులో లాహోర్ హైకోర్టు, వయసు దాచిన మైనర్ చేత డబ్బు కూడా తిరిగి ఇప్పించవచ్చని చెప్పింది. మొహరీ బీబీలో మాత్రం, మైనర్ అని తెలిసే అప్పు ఇచ్చినవారికి డబ్బు ఇప్పించడానికి ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు.

*అన్వయం.* మోటార్ సైకిల్, బ్యాంకులోని రూ. 10,000 ఇంకా కిరణ్ చేతిలోనే ఉన్నాయి. అవి అతని ఆస్తికి కలిగిన లాభమే. గోవాలో ఖర్చయిన రూ. 20,000 అతని ఆస్తిని పెంచలేదు. అది సుబ్బారావుకు దక్కడం కష్టం. కిరణ్ అబద్ధం సుబ్బారావుకు అనుకూలంగా పనిచేస్తుంది, గుమాస్తా చూసిన మెమో వ్యతిరేకంగా. రెండోదే బలమైనది. ఎందుకంటే మొహరీ బీబీలోనూ మైనర్ వయసు గురించి అబద్ధం చెప్పాడు, అయినా రుణదాత పక్షానికి నిజం తెలిసి ఉండటమే అక్కడ తూకం మార్చింది.

*నిర్ణయం.* రూ. 80,000 అప్పుగా రాదు. సుబ్బారావు గరిష్ఠంగా అడగగలిగింది మోటార్ సైకిల్, రూ. 10,000. గుమాస్తాకు నిజం తెలిసినందున అవి కూడా నిరాకరించే అవకాశమే ఎక్కువ.

ఇక్కడా చివరికి కోర్టు విచక్షణే కదా, నేను రాసిందానికి తేడా ఏమిటి అంటావేమో. ఇందులో ఎక్కువలో ఎక్కువ ఎంత వస్తుందో ఉంది, మొగ్గు ఎటో, ఎందుకో ఉంది. తీర్పు కచ్చితంగా ఇలాగే వస్తుందని రాయమని పరీక్షలో ఎవరూ అడగరు. ఒక వైపు నిలబడి కారణం చెప్పమంటారు, అంతే. మొదటి రెండు అంశాలను పొట్టిగా, మూడోదాన్ని పొడుగ్గా రాసింది కూడా కావాలనే. నాలుగు భాగాలకూ సమానంగా చోటు ఇవ్వాలని ఎక్కడా లేదు. వివాదం నిజంగా ఎక్కడుందో అక్కడే సమయం పెట్టు.

సెక్షన్ 115 అని రాసినందుకు మార్కు తీయలేదు. పాత పుస్తకాలన్నింటిలో అదే ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి తేదీలున్న ప్రశ్నలకు కొత్త సెక్షనే రాయాలి.

గురువారానికి ఒక్క పని. గుమాస్తా మెమో చూడలేదనుకో. గుమాస్తా కిరణ్ ఇంటి ఎదుటే ఉంటాడు కాబట్టి కిరణ్ వయసు అతనికి ముందే తెలుసు. సెక్షన్ 229లోని "పని చేస్తుండగా" అన్న మాట పట్టుకుని రెండో అంశం, మూడో అంశంలోని అన్వయం తిరగరాసి తీసుకురా. నియమాలు మళ్లీ రాయనక్కర్లేదు.