పరిశోధనా విధానం: పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో స్కిజోఫ్రెనియా ఉన్నవారిని చూసుకునే కుటుంబసభ్యుల ఇంటర్వ్యూల థిమాటిక్ విశ్లేషణ

అధ్యయన రూపం, ప్రాంతం

ఇది ఇంటర్వ్యూల ఆధారంగా చేసిన గుణాత్మక అధ్యయనం. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి చూసుకునేవాళ్లు తమ అనుభవాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారన్నది మా ప్రశ్న. భారాన్ని కొలిచే స్కేళ్లు ఎంత భారమో చెబుతాయి. ఆ ఇంట్లో రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు, పెళ్లికి ఎవరు వెళ్లకుండా ఆగిపోతారు అన్నవి వాటికి అందవు. అందుకే మనుషుల మాటల్నే ఆధారం చేసుకున్నాం.

మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సమాచారం సేకరించాం. ఇక్కడి చాలా కుటుంబాలకు వలస జీవితంలో భాగం. హైదరాబాద్‌కో, ముంబైకో, పుణెకో పనికి పోతే ఇంట్లో ఉన్న మనిషిని ఎవరు చూస్తారన్నది వాళ్లకు ప్రతి ఏడూ ఎదురయ్యే ప్రశ్న. కాబట్టి కొన్ని ఇంటర్వ్యూలను వానాకాలం పనులకు జనం ఊళ్లకు తిరిగొచ్చేదాకా ఆపి చేశాం.

పాల్గొన్నవారు

వైద్యులు ఐసీడీ-10 ప్రకారం స్కిజోఫ్రెనియాగా నిర్ధారించి కనీసం 2 ఏళ్లయినవారితో ఒకే ఇంట్లో ఉంటూ, జీతం లేకుండా వాళ్లను చూసుకుంటున్న, 18 ఏళ్లు నిండిన కుటుంబసభ్యులను ఎంచుకున్నాం. జబ్బు బాగా తిరగబెట్టిన సమయంలో ఎవరినీ అడగలేదు. మొత్తం 21 మంది పాల్గొన్నారు: తల్లులు 7, భార్యలు 4, తండ్రులు 3, అన్నదమ్ములు 3, భర్తలు 2, అక్కచెల్లెళ్లు 2.

మొదట ఆసుపత్రి ఓపీకి వచ్చేవాళ్లనే కలిశాం. అయితే ఓపీకి వచ్చేవాళ్లంటే ఇంకా ఆశ, బస్సు కిరాయి రెండూ మిగిలినవాళ్లు. వైద్యం మధ్యలో ఆపేసిన ఇళ్లు అక్కడ కనిపించవు. అందుకని ఆశా కార్యకర్తల ద్వారా ఊళ్లలోనూ తండాల్లోనూ అలాంటి కుటుంబాలను వెతికాం. ఆశా కార్యకర్త ముందుగా కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే మాకు చెప్పేలా ఏర్పాటు చేశాం.

ఎంతమంది సరిపోతారన్నదాన్ని సమాచార సాంద్రతను బట్టి నిర్ణయించాం. ప్రశ్న ఇరుకైనది, పాల్గొన్నవాళ్ల అనుభవం లోతైనది, ఇంటర్వ్యూలు వివరంగా వచ్చాయి. కొత్త విషయాలు రావడం ఆగిపోయిందని మేం చెప్పడం లేదు. ఇరవై రెండో మనిషి దగ్గరా కొత్త మాట ఉండే ఉంటుంది.

ఇంటర్వ్యూలు

ప్రశ్నల జాబితా చేతిలో ఉన్నా, సంభాషణను చెప్పేవాళ్ల దారిలోనే సాగనిచ్చాం. "మీ ఇంట్ల మామూలు దినం ఎట్ల గడుస్తది?" అన్నది మొదటి ప్రశ్న. ఒక్కో ఇంటర్వ్యూ 45 నుంచి 80 నిమిషాలు సాగింది. చోటు వాళ్లిష్టం. కొందరు ఇంట్లో మాట్లాడలేమని పొలం గట్టు మీదికి పిలిచారు. తండాల్లో లంబాడా భాష మాతృభాషగా గల సహాయకురాలు వెంట ఉన్నారు. మాటలు రికార్డు చేసి, ఏడుపు, దీర్ఘమైన మౌనం, పక్క గదిలోకి చూసి గొంతు తగ్గించడం వంటివి కూడా గుర్తులతో సహా రాతలోకి తెచ్చాం. పాలమూరు యాసను సరిదిద్దలేదు.

విశ్లేషణ

బ్రౌన్, క్లార్క్ 2006లో ప్రతిపాదించి తర్వాత రిఫ్లెక్సివ్ థిమాటిక్ విశ్లేషణగా విస్తరించిన ఆరు దశల పద్ధతిని అనుసరించాం. దశలు వరసగా మెట్లెక్కినట్టు సాగలేదు. నాలుగో దశ నుంచి మళ్లీ రెండో దశకు వెళ్లడం మామూలైంది.

మొదటి దశలో ప్రతి ఇంటర్వ్యూను రికార్డు వింటూ చదివాం. చదివేటప్పుడు తోచినవి విడిగా నోట్సు రాసుకున్నాం.

రెండో దశ కోడింగ్, అంటే ఒక్కో మాటకు దాని అర్థాన్ని చెప్పే చిన్న పేరు పెట్టడం. ముందే తయారుచేసిన కోడ్ల జాబితా వాడలేదు. మొదటి 4 ఇంటర్వ్యూలను ఇద్దరు పరిశోధకులు విడివిడిగా కోడ్ చేసి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకున్నారు. మిగతావి మొదటి రచయిత కోడ్ చేస్తే రెండో రచయిత చదివి ప్రశ్నించారు. కోడ్లన్నీ తెలుగులోనే రాసుకున్నాం. ఉదాహరణకు ఒక భార్య మాటలు:

"గోలీలు చాయ్‌ల కలిపి ఇస్త. ఆయనకు తెల్వదు. తెలిస్తే తాగడు. తాగకుంటే మల్ల మొదటికే వస్తది. దేవునికే తెలుసు నేను చేసేది తప్పో ఒప్పో."

దీనికి మొదట "చెప్పకుండా మందు ఇవ్వడం" అనే ఒక్క కోడే పెట్టాం. అది పైపైన కనిపించే పని. రెండోసారి చదివినప్పుడు "తిరగబెడుతుందన్న భయం", "తప్పొప్పులు ఒంటరిగా మోయడం" అనేవి చేర్చాం. ఇలా మాటలో నేరుగా ఉన్నదానికీ, మాట వెనక ఉన్నదానికీ వేర్వేరు కోడ్లు ఇచ్చాం.

మూడో దశలో కోడ్లను చీటీల మీద రాసి నేల మీద పరిచి గుంపులుగా చేర్చాం. నాలుగో దశలో ప్రతి గుంపునూ ముందు దాని కిందున్న మాటలతో, తర్వాత మొత్తం ఇంటర్వ్యూలతో సరిచూశాం. "ఆర్థిక ఇబ్బందులు" అని పెట్టుకున్న గుంపు ఇక్కడ నిలవలేదు. పైసల గురించి అందరూ మాట్లాడారు గానీ, ఆ మాటలన్నిటినీ కలిపే ఒక్క అర్థం అందులో లేదు. అది విషయం పేరు మాత్రమే, థీమ్ కాదు. అందులోని మాటల్లో కొన్నింటిని వలస ఆగిపోవడం గురించిన థీమ్‌లోకి, మరికొన్నింటిని "నేను పోయినంక ఎవరు చూస్తరు" అనే థీమ్‌లోకి మార్చాం. ఐదో దశలో ప్రతి థీమ్‌కూ పేరు పెట్టి, అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఒక పేరాలో రాశాం. పేరా రాయలేకపోయిన థీమ్‌ను వదిలేశాం. ఆరో దశ ఫలితాలు రాయడం.

పటిష్ఠత

లింకన్, గూబా 1985లో చెప్పిన నమ్మదగినతనం, వేరేచోటికి అన్వయం, నిలకడ, ఆధారాలకు కట్టుబడటం అనే నాలుగు కొలతలను దృష్టిలో పెట్టుకున్నాం. ఇద్దరు కోడర్ల మధ్య ఏకీభావాన్ని శాతంలో లెక్కించలేదు. చదివే మనిషి ఆలోచన కూడా విశ్లేషణలో భాగమని ఒప్పుకునే పద్ధతిలో ఆ అంకెకు అర్థం ఉండదు. దానికి బదులు ప్రతి కోడ్ ఎందుకు పుట్టింది, ఎందుకు కలిసిపోయింది, ఎవరు కాదన్నారు అనేది తేదీతో రాసిపెట్టాం. అధ్యయనంలో లేని ఒక సీనియర్ పరిశోధకురాలు ఆ నోట్సును ఇంటర్వ్యూలతో పోల్చి చూశారు.

మా స్థానం గురించి చెప్పాలి. మొదటి రచయిత సైకియాట్రిక్ సోషల్ వర్కర్, రెండో రచయిత నర్సు, మూడో రచయిత సమాజశాస్త్రం చదివినవారు. ఆసుపత్రి మనుషులం కాబట్టి మందులను మెచ్చుకునే మాటలే మాకు ఎక్కువ వినిపించే ప్రమాదం ఉంది. అందుకే తాను చూసిన కేసుల కుటుంబాలను మొదటి రచయిత ఇంటర్వ్యూ చేయలేదు. దర్గాకో, భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్లామని చెప్పినచోట మేం ఎలా స్పందించామో రికార్డుల్లో ప్రత్యేకంగా విని చూసుకున్నాం.

పాల్గొన్నవాళ్లలో చాలామంది చదువుకోలేదు కాబట్టి రాతప్రతులు పంపలేదు. 6 మందితో కూర్చుని థీమ్‌లను మాటల్లో వివరించాం. "అన్నీ బాధలే రాసిండ్రు, వాడు మంచిగున్న దినాలు యాడబోయినయి?" అని ఒక తల్లి అడిగారు. మళ్లీ ఇంటర్వ్యూలన్నీ తిరగేస్తే మంచి రోజుల ప్రస్తావనలు చాలాచోట్ల ఉన్నాయి. వాటిని బాధకు నేపథ్యంగా మాత్రమే కోడ్ చేసి ఉన్నాం. వాటితో ఒక థీమ్‌ను కొత్తగా కట్టాం. థీమ్‌లకు ఎదురు నిలిచే మాటలను కూడా ఫలితాల్లో ఇచ్చాం.

నైతిక అంశాలు

సంస్థాగత నైతిక కమిటీ అనుమతి తీసుకుని, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలను పాటించాం. సంతకం చేయలేనివాళ్లకు సాక్షి ఎదుట సమ్మతి పత్రం చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాం. మాట్లాడేది కుటుంబమే అయినా, ఆ సమాచారం జబ్బు ఉన్న మనిషిది కూడా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 వాళ్లకు గోప్యత హక్కు ఇచ్చింది. అందువల్ల నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్న ప్రతి ఒక్కరి అనుమతీ విడిగా అడిగాం, వద్దన్న ఇళ్లను వదిలేశాం. చెప్పకుండా మందు ఇస్తున్నామన్నవాళ్లను తప్పుపట్టలేదు. ఇంటర్వ్యూ అయ్యాక, వాళ్లు ఒప్పుకుంటే, ఇతర మార్గాల గురించి డాక్టర్‌తో మాట్లాడించాం. చూసుకునేవాళ్లే చనిపోవాలనిపిస్తోందని చెప్పినప్పుడు ఇంటర్వ్యూ ఆపి, అదేరోజు కౌన్సెలర్‌తో కలిపాం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 అందరికీ రాసిచ్చాం.

చిన్న ఊళ్లో బంధుత్వం, కులవృత్తి, పిల్లల సంఖ్య చెబితే చాలు, ఇల్లు తెలిసిపోతుంది. ఫలితాల్లో ఇచ్చిన మాటల పక్కన బంధుత్వం, చూసుకుంటున్న ఏళ్లు మాత్రమే ఉంటాయి. ఊరు, మండలం పేర్లు ఎక్కడా ఉండవు.