పెళ్లి పూతరేకుల ఆర్డర్, చెక్కు మెసేజ్ మళ్లీ రాశా

అక్కా, ఆ పెళ్లివారికి నువ్వు టైప్ చేసి పెట్టిన మెసేజ్ ఇంకా పంపలేదు. "చెక్కు పాసవ్వకపోతే ఆర్డర్ లేనట్టే, తర్వాత మమ్మల్ని అడగొద్దు" అంటే వాళ్లని దొంగల్లా చూస్తున్నామనుకుంటారు. పోయిన దసరాకి 400 చుట్టేశాక ఒకాయన చెక్కు తిరిగొచ్చి నువ్వెంత ఏడ్చావో నాకు తెలుసు, కానీ దానికి వీళ్లేం చేస్తారు చెప్పు. పైగా డబ్బులు ఎప్పుడు పడతాయి, ఈలోపు వాళ్లేం చెయ్యాలి అన్నది నీ మెసేజ్‌లో లేనే లేదు. ఇలా మార్చా, చూడు:

నమస్తే అండి, ఆత్రేయపురం నుంచి పూతరేకుల వాళ్లమండి. మీ అమ్మాయి గారి పెళ్లికి బెల్లం డ్రైఫ్రూట్ పూతరేకులు 800, ఒక్కోటి 30 చొప్పున 24,000 అని మాట్లాడుకున్నాం కదండి. అడ్వాన్స్‌కి మీరిచ్చిన 12,000 చెక్కు నిన్న సాయంత్రం బ్యాంకులో వేశాం. ఇవాళ రెండో శనివారం, రేపు ఆదివారం, బ్యాంకు సెలవులు కాబట్టి సోమవారం గానీ మంగళవారం గానీ క్లియర్ అవుతుందండి. డబ్బులు మా అకౌంట్లో పడ్డాకే ఆర్డర్ కన్ఫర్మ్ చేస్తాం, పడగానే మేమే మెసేజ్ పెడతాం, ఆ మెసేజ్ వచ్చేదాకా మాత్రం ఆర్డర్ ఖాయమైందని అనుకోవద్దండి.

నెయ్యి, జీడిపప్పు, బాదం అన్నీ మీ ఆర్డర్ కోసమే కొనాలి, కుండ మీద ఒక్కో రేకూ చేత్తోనే తియ్యాలి, అందుకే అడ్వాన్స్ చేతికొచ్చాకే పని మొదలెడతామండి, ఎవరికైనా ఇదే పద్ధతి. శనివారం పొద్దున్నకి రాజమండ్రి మండపానికి చేరాలంటే బుధవారం కుండ పొయ్యి మీద పెట్టెయ్యాలి. ఆ మూడు రోజులూ మీ కోసమే ఖాళీగా ఉంచాం, మంగళవారం సాయంత్రం 5 దాకా ఇంకెవరికీ ఇవ్వం. అప్పటికీ పడకపోతే మీకు ఫోన్ చేసి చెప్పి, ఆ రోజులు వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుందండి.

అంతదాకా ఆగడం ఎందుకు అనుకుంటే ఇదే నంబర్‌కి 12,000 ఫోన్‌పే చెయ్యండి, మాకు క్రెడిట్ మెసేజ్ రాగానే కన్ఫర్మ్ చేసేస్తాం (స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే కుదరదండి, ఒక్కోసారి పెండింగ్‌లో ఉండిపోతున్నాయి). తర్వాత చెక్కు కూడా పాసైతే ఆ 12,000 మీరివ్వాల్సిన బాకీలో జమేసుకుంటాం, ఇంక మీరిచ్చేదేం ఉండదు. ఏ డౌటున్నా ఫోన్ చెయ్యండి.

ఇదీ అక్కా. "అనుకోవద్దండి" అన్న ముక్క మాత్రం తీసెయ్యమనకు, అది లేకపోతే ఆర్డర్ అయిపోయిందనుకుని వాళ్లు వేరేచోట చెప్పుకోకుండా కూర్చుంటారు, రేపు చెక్కు తిరిగొస్తే పెళ్లిలో స్వీటు లేక ఇబ్బంది పడేది వాళ్లే. బ్యాంకులో చెక్కు వేసిన స్లిప్పు ఫొటో నీ ఫోన్లో ఉంటే పంపు, దాంతోపాటే పెట్టేస్తా.