పాలకొండ కొండల రిజర్వు అడవిలో మొక్కల సర్వేకు అనుమతి కోరుతూ అటవీ శాఖకు లేఖ

కడప,
16 జూన్ 2025.

పంపుతున్నవారు:
డాక్టర్ పి. సుజాత,
అసిస్టెంట్ ప్రొఫెసర్, వృక్షశాస్త్ర విభాగం,
యోగి వేమన విశ్వవిద్యాలయం, కడప.

స్వీకర్త:
ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి (పీసీసీఎఫ్) వారికి,
అటవీ శాఖ ప్రధాన కార్యాలయం, ఆంధ్రప్రదేశ్.

(విభాగాధిపతి, రిజిస్ట్రార్ గార్ల ద్వారా)

విషయం: రాజంపేట అటవీ డివిజన్, సానిపాయ రేంజ్ పరిధిలోని రిజర్వు అడవిలో మొక్కల సర్వేకు పరిశోధన అనుమతి కోరుట గురించి.

ఆర్యా,

సానిపాయ రేంజ్‌లో పాలకొండ కొండల మీద ఉన్న రిజర్వు అడవిలో పూలు పూసే మొక్కలు, సైకాడ్‌లు, ఫెర్న్‌ల సర్వే జరపడానికి 2025 సెప్టెంబరు నుంచి 2026 ఆగస్టు వరకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మేము తిరగదలచిన కంపార్టుమెంట్లను జతపరచిన పటంలో గుర్తించాము. అవి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో గానీ, ఏ అభయారణ్యంలో గానీ లేవని మా అవగాహన. అందుకే ఈ దరఖాస్తును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారికి కాక నేరుగా తమకు పంపుతున్నాను. పటంలో ఏ అంచు అయినా రక్షిత ప్రాంతాన్ని తాకుతున్నట్లు తమ కార్యాలయం గుర్తిస్తే ఆ భాగాన్ని వదులుకుంటాము. దానికోసం మొత్తం దరఖాస్తును ఆపవద్దని మనవి.

ఈ కొండల వృక్షసంపద శాస్త్రానికి కొత్త కాదు. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ కడప కొండల్లో సేకరించిన సైకాడ్‌కే 1883లో ఆయన పేరు మీద సైకాస్ బెడ్డోమీ అని నామకరణం జరిగింది. మన ప్రాంతంలో పేరిత అంటారు. అయితే మా విభాగం హెర్బేరియంలో పాలకొండ పేరుతో ఉన్న నమూనాలను వరుసగా తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. వాటిలో చాలావరకు గువ్వలచెరువు ఘాట్ రోడ్డు పక్కన, గుడులకు వెళ్లే కాలిబాటల వెంట, చెరువు గట్ల మీద కోసినవే. లోపలి వాలులు, రాతి అంచులు, వాగుల తలలు దాదాపు ఖాళీ. ఇది వృక్షశాస్త్రజ్ఞుల సోమరితనం అని కొంతవరకు ఒప్పుకోవాలి. కొంత మాత్రం ఎర్రచందనం అడవిలోకి ఎవరు అడుగుపెట్టినా అనుమానంగా చూడక తప్పని పరిస్థితి ఫలితం.

ఎర్రచందనం మీద శాఖ వద్ద ఉన్నంత సమాచారం మా వద్ద లేదు, దాన్ని మళ్లీ లెక్కించాలన్న ఉద్దేశం కూడా మాకు లేదు. మా ప్రశ్న దాని చుట్టూ, దాని కింద పెరిగే వాటి గురించి. చిరుమాను, జలారి, తంబ, మొగి, తెల్లకరక, కొండ సాంబ్రాణి వంటి చెట్ల మొలకలు ఈ వాలుల మీద బతికి బట్టకడుతున్నాయా, లేక పెద్ద చెట్లు మాత్రమే మిగిలి పిల్ల మొక్కలు లేని అడవిగా మారుతున్నదా? తెల్లకరక, తంబ, కొండ సాంబ్రాణి మూడూ తూర్పు కనుమల దక్షిణ భాగానికి దాదాపుగా పరిమితమైన జాతులు. ఇక్కడ పోతే మరొక చోట వెతుక్కునే వీలు తక్కువ. పేరిత విషయంలో ఆందోళన ఇంకా ఎక్కువ. మగ మొక్క శంకువును మందుల కోసం కోసుకుపోతారు. మగ, ఆడ మొక్కలు వేరువేరు కాబట్టి ఒక వాలు మీద మగ శంకువులన్నీ పోతే ఆ ఏడాది అక్కడ గింజ కట్టదు. పచ్చగా నిలబడి ఉన్న మొక్కలను చూసి అంతా బాగానే ఉందనుకునే ప్రమాదం ఉంది. అందువల్ల మొక్కల సంఖ్యతో పాటు మగ, ఆడ మొక్కల నిష్పత్తిని, మొలకలను, నరికిన ఆనవాళ్లను విడివిడిగా నమోదు చేస్తాము.

పని పద్ధతి సాధారణమైనదే. వాలు దిశ, ఎత్తు, రాతి స్వభావాన్ని బట్టి ఎంచుకున్న చోట్ల పదో వంతు హెక్టారు చొప్పున 40 ప్లాట్లు, అంటే మొత్తం నాలుగు హెక్టార్లు. వాటిలో చెట్ల చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపుతో కొలుస్తాము. ప్రతి ప్లాటులో ఐదు మీటర్ల చదరాల్లో పొదలను, ఒక మీటరు చదరాల్లో గడ్డి, మూలికలు, మొలకలను లెక్కిస్తాము. చెట్లకు మేకులు కొట్టము, రంగు వేయము, రేకు బిళ్లలు తగిలించము. ప్లాటు మూలలకు కట్టిన నూలు తాళ్లను అదే రోజు విప్పుకుని వస్తాము. డ్రోన్లు, కెమెరా ట్రాప్‌లు వాడము. లంటానా, వయ్యారిభామ ఎక్కడిదాకా పాకాయో కూడా నమోదు చేస్తాము. కలుపు తొలగింపు పనులకు ఆ పటం డివిజన్ కార్యాలయానికి ఉపయోగపడవచ్చు.

నమూనాల సేకరణ గురించి కొంత వివరంగా చెప్పాలి. చూడగానే గుర్తుపట్టగలిగిన జాతికి ఫొటోతో సరిపెడతాము. సందేహం ఉన్న జాతి నుంచి మాత్రమే పువ్వు లేదా కాయ ఉన్న చిన్న కొమ్మను కత్తెరతో కోస్తాము. ఒక జాతికి మూడు నమూనాలకు మించవు. మూలికల్లో ఒకే చోట ఇరవై మొక్కలకు తక్కువగా ఉంటే ఒక్కటి కూడా పీకము. శేషాచలం కొండల్లో పెరిగే పింపినెల్లా తిరుపతియెన్సిస్ ఇక్కడ కనబడితే దాని దుంపను తాకము. పేరిత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూలులో ఉన్న మొక్క. సెక్షన్ 17ఏ ప్రకారం దాన్ని కోయడం, పీకడం నిషిద్ధం. పరిశోధన కోసం సెక్షన్ 17బీ కింద ప్రత్యేక అనుమతికి వీలున్నా మేము అది అడగడం లేదు, ఎందుకంటే మా ప్రశ్నకు ఫొటోలు, కొలతలు చాలు. ఎర్రచందనం నుంచి ఆకు కూడా కోయము, నేల మీద పడిన కాయ, చెక్క ముక్క ఏదీ బయటికి తేము. సేకరించిన నమూనాల్లో ఒక సెట్టు మా హెర్బేరియంలోనూ, ఒకటి హైదరాబాదులోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనూ ఉంటాయి. మూడోదాన్ని శాఖ ఎక్కడ ఇమ్మంటే అక్కడ ఇస్తాము. అడవి దాటే ముందు ఆ రోజు కోసిన వాటి జాబితాను బీట్ అధికారికి చూపి సంతకం తీసుకుంటాము.

శాఖకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది కాదని నాకు తెలుసు. ఎర్రచందనం అడవిలో జీపీఎస్ పట్టుకుని తిరిగే మనుషుల వద్ద చివరికి ఏ సమాచారం చేరుతుంది, అది ఎవరి చేతిలో పడుతుంది అన్నదే అసలు సంగతి. పరిశోధన పత్రంలో అచ్చయిన ఒక అక్షాంశ రేఖాంశాల జత దొంగకు దారి చూపగలదు. పేరిత విషయంలో కూడా అంతే. కాబట్టి ఈ రెండు జాతుల కచ్చితమైన స్థానాలను పత్రికలో గానీ, సిద్ధాంత గ్రంథంలో గానీ, అంతర్జాల డేటాబేసుల్లో గానీ పెట్టము. ప్రచురణలో రేంజ్ పేరు, ఎత్తుల పరిధి మాత్రమే ఉంటాయి. పూర్తి స్థానాల పట్టిక రెండు చోట్ల మాత్రమే ఉంటుంది: మా విభాగంలో తాళం వేసిన ప్రతి, డివిజనల్ అటవీ అధికారి గారికి ఇచ్చే ప్రతి. ఫొటోల్లో దాగి ఉండే స్థాన సమాచారాన్ని తీసేశాకే ఎవరికైనా చూపుతాము. అడవిలో ఉన్న కాలంలో బృందంలో ఎవరూ సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు పెట్టరాదన్న షరతుపై అందరి సంతకాలూ తీసుకున్నాను. విద్యార్థులకు ఇది కష్టంగా ఉంది, అయినా సంతకం చేశారు.

బృందంలో నాతో కలిపి ఐదుగురం. ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఇద్దరు క్షేత్ర సహాయకులు. అందరి ఆధార్ ప్రతులు, ఫొటోలు, వాడే వాహనం వివరాలు జతచేశాను. దారి చూపేవారు, ఫైర్ వాచర్లు తప్ప జాబితాలో లేని మనిషి ఒక్క రోజుకు కూడా మాతో రాడు. ఉదయం ఏడు తర్వాత లోపలికి వెళ్లి సాయంత్రం ఐదు లోపు బయటికి వస్తాము. బస ఊళ్లోనే, అడవిలో రాత్రి ఉండము. ఎలుగుబంట్లు తిరిగే రాతి గుట్టల వద్ద ఏ వేళలో పనిచేయాలో సిబ్బంది మాటే మాకు ప్రమాణం. ప్రతి ప్రవేశానికి ముందు రేంజ్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేస్తాము. గాలింపు జరుగుతున్న రోజుల్లో రావద్దంటే కారణం అడగకుండా ఆగిపోతాము.

ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు కోరుతున్నాను. ఫిబ్రవరి నుంచి మే వరకు నిప్పు భయం ఉన్న కాలం కాబట్టి బయటివారిని లోపలికి రానివ్వకపోవడం సమంజసమే. కానీ పేరిత శంకువులు కనబడేది, ఎర్రచందనంతో పాటు చాలా చెట్లు ఆకు రాల్చి కొత్త చిగురుతో పూతకు వచ్చేది ఆ నెలల్లోనే. వానాకాలంలో మాత్రమే తిరిగితే గడ్డి, మూలికలు దొరుకుతాయి గానీ మగ, ఆడ పేరితలను వేరు చేయలేము. అందువల్ల మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కో వారం, ఫైర్ వాచర్ వెంట ఉండగా, అగ్గిపెట్టె, స్టవ్వు, సిగరెట్టు ఏవీ లేకుండా ప్రవేశానికి అనుమతి ఇప్పించగలరు. వాచర్ల కూలిని మేమే చెల్లిస్తాము. మేము లోపల ఉన్నప్పుడు మంటలు కనబడితే కొలతలు పక్కనపెట్టి వారితో కలిసి ఆర్పే పనిలో ఉంటాము.

అడవి అంచున ఉన్న యానాది కుటుంబాల వారిని దారి చూపడానికి పిలుస్తాము, రోజు కూలి ఇస్తాము. వారి మందు మొక్కల పరిజ్ఞానం ఈ సర్వేలో భాగం కాదు. మాటల్లో చెప్పిన వాటిని కూడా గ్రామ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ అంగీకారం లేకుండా రాసుకోము. బృందంలో అందరం భారతీయులం. విదేశీ నిధులు గానీ, కంపెనీ భాగస్వామ్యం గానీ లేవు. డీఎన్‌ఏ నమూనాలు తీయము, నమూనాలను దేశం బయటికి పంపము. విశ్వవిద్యాలయం మంజూరు చేసిన చిన్న పరిశోధన నిధితో పని జరుగుతుంది. శాఖ నుంచి ధన సహాయం కోరడం లేదు. నిర్ణయించిన రుసుము, ధరావతు చెల్లించడానికి సిద్ధం.

ప్రతి మూడు నెలలకు ఒక పేజీ నివేదిక, పని ముగిసిన ఆరు నెలల్లో పూర్తి జాబితా, ప్లాట్ల వివరాలు డివిజన్ కార్యాలయానికి చేరుస్తాము. జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్, 2023 వృక్ష వైవిధ్య వివరాలను కోరుతుంది కనుక తదుపరి వర్కింగ్ ప్లాన్ తయారీకి వీటిని యథాతథంగా వాడుకోవచ్చు. దానికి మా అనుమతి అక్కరలేదు. కలప అక్రమ నరికివేత ఆనవాళ్లు కంటపడితే మాత్రం మూడు నెలలు ఆగము, అదే రోజు రేంజ్ అధికారికి చెబుతాము.

ఆగస్టు చివరిలోగా ఉత్తర్వు అందితే సెప్టెంబరు వానలకు మొలిచే మూలికలను అందుకోగలము. అవి డిసెంబరు నాటికి ఎండిపోతాయి, ఆ తర్వాత మరో ఏడాది ఆగవలసిందే. ఎండాకాలపు ప్రవేశంపై నిర్ణయానికి సమయం పడుతుందనుకుంటే, ముందుగా సెప్టెంబరు నుంచి జనవరి వరకు అనుమతి ఇచ్చి, మా నడవడిక చూశాక మిగతా భాగాన్ని పరిశీలించవచ్చు. వివరణ అవసరమైతే తమరు చెప్పిన రోజున పటాలతో కార్యాలయానికి హాజరవుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
డాక్టర్ పి. సుజాత

జతపరచినవి: కంపార్టుమెంట్ల పటం, పరిశోధన ప్రతిపాదన, బృంద సభ్యుల గుర్తింపు పత్రాలు, వాహన పత్రాలు, సభ్యుల హామీ పత్రం, విశ్వవిద్యాలయ నిధి మంజూరు ఉత్తర్వు ప్రతి.

ప్రతి: డివిజనల్ అటవీ అధికారి, రాజంపేట, అటవీ రేంజ్ అధికారి, సానిపాయ.