ఎం.ఏ. భాషాశాస్త్రం ప్రవేశానికి ఉద్దేశ పత్రం: పాత పేరా, తిరగరాసిన ప్రతి

పాత ప్రతిలో మొదటి పేరా

బాల్యం నుండి భాషల పట్ల నాకు అమితమైన ఆసక్తి కలదు. భాష మానవ నాగరికతకు మూలస్తంభం. ప్రతిష్ఠాత్మకమైన మీ విశ్వవిద్యాలయంలో, నిష్ణాతులైన ఆచార్యుల మార్గదర్శకత్వంలో విద్యనభ్యసించి, నా ప్రతిభకు మెరుగులు దిద్దుకొని, సమాజాభివృద్ధికి నా వంతు కృషి చేయాలన్నదే నా జీవితాశయం. క్రమశిక్షణ, కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు నా బలాలు.

తిరగరాసిన ప్రతి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాన్నది కిరాణా కొట్టు. సంతరోజు సవర ఆడవాళ్లు కొండ దిగి చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెస్తారు. నాన్న వాళ్లతో సవరలో బేరమాడతాడు. ధర కుదిరాక అమ్మకి తెలుగులో చెబుతాడు. పద్దు మాత్రం ఒడియాలో రాయాలి. ఏడో తరగతి నుంచి ఆ పద్దు రాసే పని నాది.

నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు నాయనమ్మ దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను. అంతవరకూ ఖాతాదారుల తెలుగు పేర్లూ సరుకుల పేర్లూ ఒడియా లిపిలోనే రాసేదాన్ని. ఆ లిపిలో ‘పెట్టె’లోని ఎకారానికీ ‘పేట’లోని ఏకారానికీ ఒకటే గుర్తు. నోట్లో రెండుగా ఉన్నది కాగితం మీద ఒకటైపోతుంటే చిరాకు పడి, పొడవుగా పలికేచోట పెన్సిలుతో కింద చిన్న గీత పెట్టుకునేదాన్ని. ఆ పాత పద్దు పుస్తకం ఇంకా నా దగ్గరుంది.

రెండేళ్ల క్రితం పక్కింటి ఒడియావాళ్ల అబ్బాయి, ఆరేళ్లవాడు, మా గుమ్మంలో నిలబడి “అక్కా, మా అమ్మ వచ్చేడు” అన్నాడు. నవ్వి “వచ్చింది అనాలి” అని దిద్దాను. రాత్రి పడుకున్నాక తట్టింది. ఒడియాలో ‘సే ఆసిలా’ అంటే అతను వచ్చాడనీ అవుతుంది, ఆమె వచ్చిందనీ అవుతుంది. ఆ పిల్లాడు తన భాషలో లేని తేడాని మా భాషలో వెతుక్కుంటున్నాడు. నేను నవ్వకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ఇలాంటివి విన్నప్పుడల్లా తేదీ వేసి, ఎవరు ఎవరితో అన్నారో రాసి పెడుతున్నాను.

సంతలో మాట్లాడేవాళ్లని అడిగి, ఒప్పుకున్నవాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాను. ఇప్పటికి నలభై అయ్యాయి. వాటిని కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆగిపోతోంది. సవరలో మాట మధ్య గొంతు ఒక్కసారిగా మూసుకొని తెరుచుకునే ధ్వని ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు, ఒడియాలో లేదు. నా సొంత గుర్తులు ఇంకొకరికి అర్థం కావు. ధ్వనిశాస్త్రం, లేఖన పద్ధతి ఒక క్రమంలో నేర్చుకోవాలని దరఖాస్తు చేయడానికి మొదటి కారణం ఇదే.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు, సవర నేర్చుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఆయన సవర నుడిని పట్టుకున్న ఊళ్లో ఇవాళ సంతలో సవర, తెలుగు, ఒడియా ఒకదాన్నొకటి ఎలా మారుస్తున్నాయో తెలుసుకోవాలని ఉంది. నా ప్రశ్న చిన్నది: బేరంలో అంకెలు ఏ భాషలో వస్తాయి, ఎక్కడ మారతాయి? మామూలు మాటలు సవరలో సాగుతూ, డబ్బు దగ్గరికి రాగానే ఒడియాలోకి దాటడం చాలాసార్లు విన్నాను. ఎందుకో చెప్పలేను.

బి.ఏ. రెండో ఏడాదిలో నాకు 48 శాతమే వచ్చింది. ఆ ఏడాది నాన్నకి పక్షవాతం వచ్చి ఏడు నెలలు కొట్టు నేనే నడిపాను. తరగతులకి సగం రోజులు వెళ్లలేకపోయాను. మూడో ఏడాది 67 శాతం వచ్చింది. భాషాశాస్త్రంలో నాకు పరీక్ష రాసిన అనుభవం లేదు, నేను డిగ్రీలో చదివింది చరిత్ర. మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుందని తెలుసు.

చదువయ్యాక పర్లాకిమిడికే తిరిగి వస్తాను. ఇంట్లో తెలుగో సవరో మాట్లాడి, మొదటిసారి ఒడియా బడిలో కూర్చునే పిల్లల కోసం, వాళ్లు చేసే పొరపాట్లని బట్టి పాఠాలు తయారుచేయాలని ఉంది. పక్కింటి పిల్లాడి ‘వచ్చేడు’ కూడా, అటునుంచి జరిగే పొరపాటుగా, ఒక పేజీలో తప్పకుండా ఉంటుంది.

నలభై రికార్డింగుల్లో మూడు ఎన్నిసార్లు విన్నా నాకు పూర్తిగా అంతుపట్టలేదు. సీటు వస్తే వాటిని పద్దు పుస్తకంతో పాటు వెంట తెచ్చుకుంటాను.