మైనస్‌లో నూకాలమ్మ

నాన్న ఖాతా పుస్తకం తెరిస్తే బెల్లం వాసన వస్తుంది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగు పుటలు. 2013 నుంచి 2016 దాకా రాసిన ఆ పుస్తకాన్ని ఒకసారి హుద్‌హుద్ తుఫాను తడిపింది, మిగతా రోజుల్లో నూనె డబ్బా తడిపింది. మోకాళ్ల నొప్పులతో దుకాణం నాకు అప్పగిస్తూ, "ఆ పాతవి చిత్తుకాగితాలకు వేసేయమ్మా" అన్నారు నాన్న. వేసే ముందు ఒక పుట తిరగేశాను. మూడు వారాలు అందులోనే పోయాయి.

విశాఖలో జాలారిపేట సందు మొదట మా కిరాణా దుకాణం. వేట ఉంటే బాకీలు తీరేవి, లేకపోతే పెరిగేవి. నాన్నది నీలం సిరా, అదీ వెలిసిపోయింది. ఫోనుతో ఫోటో తీస్తే నూనె మరకలు తప్ప ఏమీ కనబడలేదు. కంప్యూటర్‌లో ఫోటో రంగులను విడదీసి ఎరుపు పొర ఒక్కటే ఉంచాను. పసుపు మరకలు తెల్లబారి, నీలం అక్షరాలు నల్లగా తేలాయి. నాన్న కళ్లజోడు సవరించుకుని, "నా రాత ఇంత బాగుండేదా?" అన్నారు. బాగుండేది కాదు.

పేర్లతో ఇంకో తంటా. "ఎర్ర పడవ", "నవ్వని మాస్టారు", "మేకల వారి కోడలు". ఎవరని అడిగితే, "ఆయన నవ్వరు కదా" అనేవారు. అన్నిటినీ పట్టికలోకి ఎక్కించి `=SUMIF(B:B,B2,E:E)` అని మనిషికింత చొప్పున కూడిక వేశాను. మొత్తం వసూలు కావలసిన బాకీ 1,18,460 రూపాయలు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లెక్క చూపిస్తే నాన్న పకపకా నవ్వారు.

"తీర్చిన పద్దుల మీద ఎర్ర బాల్‌పెన్నుతో గీత కొడతాను కదమ్మా. ఆ గీతలు ఏవీ?"

ఎరుపు పొర ఎర్రగీతలన్నిటినీ తుడిచేసింది. ఊరి మీద లేని అప్పు రుద్దాను. సిగ్గుపడి, మళ్లీ అసలు ఫోటోలు పక్కన పెట్టుకుని ఒక్కొక్క గీతా సరిచూశాను. చివరికి నిజమైన బాకీ 41,380 తేలింది. ఎక్కువభాగం పుట మారినప్పుడు "పై బాకీ" కొత్త పుటలోకి ఎక్కక మరుగున పడినదే. నాన్న వాటిని అడగలేదు, ఇచ్చేవారికీ గుర్తు లేదు.

"మూడేళ్లు దాటాయి నాన్నా. కోర్టుకు వెళ్లినా కాలదోషం పట్టిందంటారు."

"వాళ్లలో సగం మంది ఊళ్లోనే లేరు, వదిలెయ్" అంటూ పట్టిక కిందికి జరుపుతున్న నాన్న వేలు ఒకచోట ఆగింది. "ఇదేమిటి, అడ్డగీత?"

నూకాలమ్మ, -1,150. వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15కు ముందు, 2014లో ఆమె 2,500 జమ కట్టింది. పడవలు ఒడ్డున ఉన్నన్నాళ్లూ సరుకులు తీసుకుంది. మిగిలిన 1,150 అలాగే ఉండిపోయింది. ఆమె బాకీ కాదు, మాదే.

"మనకూ కాలదోషం పట్టిందా?" అన్నారు నాన్న. సరదాకు అడగలేదు. అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

నూకాలమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. నాన్న చాచిన నోట్లు ముట్టుకోలేదు.

"షావుకారు గారూ, ఇది నా డబ్బు కాదు. హుద్‌హుద్ అప్పుడు మీరు పాతిక కేజీల బియ్యం ఇవ్వలేదా?"

"రాయలేదే?"

"ఎక్కడ రాస్తారు? అప్పటికి పుస్తకం ఎండలో ఆరబెట్టారు. కేజీ నలభై, వెయ్యి. కొవ్వొత్తులు ఆరు డబ్బాలు, నూట ఎనభై. పాలపొడి అరవై." వేళ్లు ముడుస్తూ చెప్పింది. "పన్నెండు వందల నలభై. మీ పదకొండు వందల యాభై పోను, నేనే తొంభై ఇవ్వాలి."

నేను మూడు వారాలు కూడిన లెక్కను ఆమె మూడు వేళ్లతో కొట్టేసింది. కొంగుముడి విప్పి తొంభై తీసింది. నాన్న వద్దన్నారు. ఆమె తీసుకోవాల్సిందే అంది. కాసేపు ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నట్టే మాట్లాడుకున్నారు. నేను ఫోనులో పట్టిక తెరిచి ఒక వరుస చేర్చాను.

"తేదీ అక్టోబర్ 12 వెయ్యమ్మా" అన్నారు నాన్న.

"పన్నెండున గాలి కదా, తలుపే తియ్యలేదు" అంది నూకాలమ్మ. "ఆ తర్వాత నాలుగో రోజు. మీ అమ్మాయి దీపం పట్టుకుంది, మీరు కాటా వేశారు."

నాకు ఆ దీపం గుర్తు లేదు. 16 అని వేశాను.