పుంగనూరు ఆవు: నల్ల టీ-షర్టుకు మూడు రంగుల బొమ్మ

స్క్రీన్ ప్రింటింగ్ కోసం వెక్టర్ పద్ధతి బొమ్మ. ఒకే ఒక్క పుంగనూరు ఆవు, పక్కనుంచి, ఎడమవైపుకు నిలబడి, తల మాత్రం కొద్దిగా మనవైపు తిప్పి. నాలుగు కాళ్లూ విడివిడిగా కనబడాలి. ఫ్రేమ్ చదరం, చుట్టూ పదో వంతు ఖాళీ. చెవి, తోక, గిట్ట ఏదీ అంచుకు తగలకూడదు.

ఆవు ఎదిగినది, దూడ కాదు. ఈ జాతి ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే కాబట్టి కాళ్లు పొట్టిగా, ఒళ్లు పొడుగ్గా, బరువుగా ఉండాలి. పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు పెడితే దూడైపోతుంది. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టివి, నెలవంకలా వంగినవి. మూపురం చిన్నది; ఒంగోలు గిత్త మూపురం రాకూడదు. గంగడోలు వేలాడుతూ, తోక కుచ్చు దాదాపు నేలను తాకుతూ ఉండాలి. మెడలో ఒక గంట, అంతే. ఈ టీ-షర్టు వేసుకునేది తిరుపతి వెటర్నరీ విద్యార్థులు. కీలు వంపు తప్పినా పొదుగు చోటు మారినా వెంటనే పట్టేస్తారు.

రంగులు మూడే: ఒంటికి మీగడ తెలుపు #F3E6CF, మెడ కింద, పొట్ట కింద నీడకు ఇటుక ఎరుపు #A8442A, కొమ్ములకు, గిట్టలకు, గంటకు ఆవపిండి పసుపు #E0A526. నాలుగో రంగు గుడ్డదే. బ్యాక్‌గ్రౌండ్ #000000, చదునుగా. కన్ను, ముక్కు రంధ్రాలు, కండరాల గీతలు కూడా అదే నలుపు. అక్కడ ఇంకు పడదు, షర్టే కనబడుతుంది. అందుకే బయటి అంచుకు నల్ల గీత వద్దు, గుడ్డలో కలిసిపోతుంది. ఇటుక ఎరుపు కూడా నలుపు మీద మసకబారుతుంది, కాబట్టి అది ఎప్పుడూ మీగడ తెలుపు లోపలే ఉండాలి, బయటి అంచుకు రాకూడదు.

రెండు రంగులు కలిసే ప్రతిచోటా నల్ల సందు వదలాలి. స్క్రీన్ ఒక వెంట్రుకవాసి జరిగినా ఆ సందు తప్పును దాచేస్తుంది. అచ్చు వెడల్పు 28 సెంటీమీటర్లు. ఏ గీతా, ఏ సందూ బొమ్మ వెడల్పులో 150వ వంతుకు తగ్గకూడదు, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. సన్నని గీత మెష్‌లో నిలవదు, సన్నని సందు ఇంకుతో పూడిపోతుంది. రోమాలు ఒక్కొక్కటిగా వద్దు, తోక కుచ్చు నాలుగైదు మందపాటి పాయలుగా చాలు.

ప్రతి రంగూ గట్టి అంచుతో, ఒకే మట్టంగా. గ్రేడియంట్, మసక నీడ, మెరుపు, చుక్కల షేడింగ్, వాటర్‌కలర్ మరకలు, పాతబడిన గీతలు వద్దు. నేల, గడ్డి, కొండ, వలయం, అక్షరాలు, సంతకం వద్దు. నామం, గోపురం, దేవుడి గుర్తు ఏదీ రాకూడదు: ఇది చెమట పట్టి బకెట్లో నానే బట్ట. టీ-షర్టు గానీ, దాన్ని తొడుక్కున్న మనిషి గానీ గీయవద్దు, ఆవు ఒక్కటే కావాలి.